రీడ్‌మీలో ఫోల్డర్ల చెట్టు: తెలుగు పేర్లు ఉంటే వ్యాఖ్యలు వంకరపోతున్నాయి

లలిత: సామెతల ప్రాజెక్టుకి రీడ్‌మీ రాస్తున్నాను. ఫోల్డర్లకి తెలుగు పేర్లే పెట్టాను. పక్కన # గుర్తులన్నీ ఒకే వరసలో ఉండేలా స్పేసులు కొట్టాను. నా ఎడిటర్‌లో చక్కగా ఉంది, పేజీలో చూస్తే గుర్తులు తలో చోట ఉన్నాయి.

```
సామెతలు/
├── పదాలు/       # మూల పట్టికలు
│   └── a.csv    # అ నుంచి ఔ
└── పరీక్షలు/    # తనిఖీ కోడ్
```

రవి: మోనోస్పేస్ ఫాంట్ లేకపోవడం వల్ల. మూడు బ్యాక్‌టిక్‌ల మధ్య పెట్టండి, సర్దుకుంటుంది.

లలిత: పెట్టే ఉన్నాను రవి గారూ.

శేషు: నాదీ ఇదే బాధ. tree కమాండ్ ఇచ్చింది అతికిస్తే మొత్తం ఒకే పేరాలా కలిసిపోయింది.

మాధవి: శేషు గారూ, మీది వేరే సమస్య. రవి గారు చెప్పిన బ్యాక్‌టిక్‌లు మీకు కావాలి. అవి లేకపోతే మార్క్‌డౌన్ ఆ లైన్లన్నీ కలిపేస్తుంది.

లలిత గారూ, కోడ్ బ్లాక్‌కి వాడే మోనోస్పేస్ ఫాంట్లలో తెలుగు అక్షరాలు సాధారణంగా ఉండవు. అందుకని బ్రౌజర్ వాటిని ఇంకో ఫాంట్ నుంచి తెచ్చుకుంటుంది. అందులో ఒక్కో అక్షరానిది ఒక్కో వెడల్పు. చదివేవాళ్ల ఫోన్‌లో ఆ ఫాంట్ కూడా మారిపోవచ్చు. లెక్క పెట్టి స్పేసులు కొట్టినా ప్రయోజనం లేదు: 'సామెతలు', 'పరీక్షలు' రెండూ మనకి నాలుగేసి అక్షరాలు, యూనికోడ్‌లో మొదటిది 7, రెండోది 8. తెరమీది వెడల్పు ఈ రెండు లెక్కలకీ లొంగదు.

కొమ్మల గీతలు మాత్రం చెదరవు, గమనించారా? వాటికి ఎడమ పక్కన తెలుగు లేదు కాబట్టి. # గుర్తుకి ఎడమ పక్కనా తెలుగు లేకుండా చూసుకోండి:

```
sametalu/
├── padalu/      # మూల పట్టికలు
│   └── a.csv    # అ నుంచి ఔ
└── pariksha/    # తనిఖీ కోడ్
    └── a.py
```

చివరి ఫోల్డర్ కింద │ గీత రాకూడదు, నాలుగు ఖాళీలే. చేత్తో కొత్త ఫైల్ చేర్చేటప్పుడు చాలామంది అక్కడ గీత పెట్టేస్తారు. అప్పుడు కింద ఇంకో ఫోల్డర్ ఉందేమో అనిపిస్తుంది.

రవి: పేరు తర్వాత ట్యాబ్ కొడితే?

మాధవి: ట్యాబ్ వెడల్పు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. పేరు వెడల్పు ఆ గడి దాటితే గుర్తు తర్వాతి గడికి దూకుతుంది. తెలుగు పేర్లే ఉంచాలనుకుంటే వరస మాట వదిలేసి, పేరు తర్వాత రెండు స్పేసులు కొట్టి # పెట్టండి. వంకరగా ఉన్నా చదవడానికి ఇబ్బంది ఉండదు.

లలిత: అలాగే చేస్తాను. పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లోకి మార్చడానికి మనసొప్పడం లేదు. తెలుగు ప్రాజెక్టులో తెలుగు పేరు ఎందుకు ఉండకూడదు?

శేషు: ఉండొచ్చు. కానీ git status చూస్తే 'ప' అన్న అక్షరం \340\260\252 అని కనిపిస్తుంది.

మాధవి: `git config core.quotePath false` అని పెడితే అక్షరాలే కనిపిస్తాయి. అయితే మీతో పనిచేసే ప్రతి ఒక్కరూ తమ కంప్యూటర్‌లో అది పెట్టుకోవాలి. నేనైతే పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో, వివరణ తెలుగులో రాస్తాను.

లలిత: నేను మాత్రం తెలుగు పేర్లే ఉంచుతున్నాను.