చివరి స్లైడ్‌లో ‘కామెంట్ పెట్టండి’ అని అడిగితే వెంటపడినట్టా?

సాహితి: ఇంటర్వ్యూలో మన గురించి మనం ఎలా చెప్పుకోవాలో ఇన్‌స్టాగ్రామ్ కోసం ఎనిమిది స్లైడ్ల కారౌసెల్ చేశాను. చివర్లో ‘ఉచిత గైడ్ కావాలంటే పరిచయం అని కామెంట్ పెట్టండి’ అని రాస్తే జనం మీద పడ్డట్టు ఉంటుందా?

కిరణ్: అసలు అడగొద్దు. కామెంట్ల కోసం ఎర వేసే పోస్టులను కిందికి నెట్టేస్తామని ఫేస్‌బుక్ 2017 డిసెంబర్‌లోనే ప్రకటించింది. రీచ్ పోయాక ఎంత మర్యాదగా అడిగితే మాత్రం ఏం లాభం?

మురళీధర్: కిరణ్ గారూ, ఆ ప్రకటన ఫేస్‌బుక్ ఫీడ్ గురించి. ‘నచ్చితే అవును అని పెట్టండి’ లాంటి ఉత్తుత్తి కామెంట్ల మీద. సలహా, సాయం అడిగే పోస్టుల జోలికి పోమని కూడా అందులోనే ఉంది. ఇక్కడ కామెంట్ పెట్టినవాళ్ళకి నిజంగా ఒక వస్తువు చేతికొస్తోంది.

సాహితి గారూ, చివరి వాక్యం కంటే ముందు ఏడో స్లైడ్ చూసుకోండి. అక్కడ ఒక పరిచయం మొదటి మాట నుంచి చివరి మాట దాకా రాసి ఉండాలి. ‘పూర్తి నమూనా గైడ్‌లో’ అని సగంలో ఆపారా, తర్వాత ఎంత మెత్తగా అడిగినా చదివినవాళ్ళకి చిరాకే. గైడ్‌లో ఉండాల్సింది అదనపు సరుకు: వేరే ఉద్యోగాలకు నమూనాలు, ఖాళీలు నింపుకునే పేజీ.

వంశీ: ఎనిమిది స్లైడ్లు ఎక్కువేమో. ఫాంట్ ఏది వాడారు?

పద్మజ: ఏడో స్లైడ్ సంగతి సరే, కామెంట్ పెట్టాక ఏం జరుగుతుందో చెప్పరేం? నేను ఒకచోట ఇలాగే పెట్టాను. మెసేజ్‌లో లింక్ రాలేదు, ఒక బటన్ వచ్చింది. నొక్కితే ముందు ఫాలో అవ్వమన్నారు, తర్వాత ఈమెయిల్ అడిగారు, గైడ్ వచ్చిన సాయంత్రమే కోర్సు అమ్మడం మొదలుపెట్టారు.

మురళీధర్: ఆ బటన్‌కి కారణం ఉంది. ఆటోమేషన్ టూల్‌తో పంపితే ఒక కామెంట్‌కి ఒకే మెసేజ్ వెళ్తుంది, అదీ ఏడు రోజుల్లోపు. అవతలివాళ్ళు స్పందిస్తేనే ఇంకో 24 గంటలు పంపే వీలుంటుంది. బటన్ నొక్కడం కూడా స్పందన కిందే లెక్క, అందుకే గైడ్‌ని దాని వెనక దాస్తారు. మీరలా చేయకండి సాహితి గారూ, మొదటి మెసేజ్‌లోనే లింక్ ఇచ్చేయండి. ఇంకొకటి, మిమ్మల్ని ఫాలో అవని వాళ్ళకి అది రిక్వెస్టుల్లోకి పోతుంది. రాలేదనుకుని మళ్ళీ మళ్ళీ కామెంట్ పెడతారు. రిక్వెస్టులు చూసుకోమని కామెంట్ కింద రిప్లైలో చెప్పండి.

కిరణ్: ఇన్‌స్టాగ్రామ్ కూడా ఆ కంపెనీదేగా? అక్కడ మాత్రం ఊరుకుంటారని గ్యారంటీ ఏమిటి?

మురళీధర్: గ్యారంటీ నేనివ్వలేను. 2017 ప్రకటన చూపించి ఇన్‌స్టాగ్రామ్‌లో రీచ్ పోతుందని మీరూ తేల్చలేరు.

పద్మజ: మీ ఇద్దరికీ రీచ్ తప్ప ఇంకేం పట్టదా! నేను కామెంట్ పెట్టింది అప్పులు తీర్చే గైడ్ కోసం. నా పేరు పక్కన ఆ మాట చూసి మా బంధువులు ఫోన్ చేసి ఏమైందని అడిగారు. ఇప్పుడు ఈవిడ పోస్టు కింద ‘పరిచయం’ అని పెడితే, ఉద్యోగం మారే ఆలోచనలో ఉన్నానని మా మేనేజర్‌కి నేనే చెప్పినట్టు కాదా?

మురళీధర్: అయితే ‘పేజీ’ లాంటి, విషయం ఏమిటో బయటపడని పదం పెట్టుకోవచ్చు.

పద్మజ: పోస్టే ఇంటర్వ్యూల గురించి కదండీ, పదం మారిస్తే ఏం దాగుతుంది? లింక్ బయోలో పెట్టొచ్చుగా. కామెంటే ఎందుకు కావాలి? మీ పోస్టు నలుగురికీ కనపడాలని. ఆ ముక్క ఒప్పుకోండి.

మురళీధర్: అది ఉంది, కాదనను. కామెంట్లొస్తే పోస్టు ఇంకొందరికి చేరుతుందనే చాలామంది ఇలా చేస్తారు. కష్టపడి చేసి ఉచితంగా ఇస్తున్నప్పుడు ఆ మాత్రం ఆశించడం నాకు తప్పనిపించదు. కానీ రెండో దారి కూడా ఉంది. అదే పదం నేరుగా మెసేజ్ చేసినా లింక్ వెళ్ళేలా టూల్‌లో పెట్టుకోవచ్చు. వాళ్ళే ముందు రాశారు కాబట్టి ఆ 24 గంటల తలుపూ తెరుచుకుంటుంది, పేరూ బయటపడదు.

పద్మజ: అలాగైతే దాన్నే పైన రాయండి. కామెంట్ మాట కింద ఉండనివ్వండి.

మురళీధర్: పైన పెడితే కామెంట్లు తగ్గుతాయి. నేనైతే పెట్టను.

సాహితి: నాది ఉద్యోగం వెతుక్కునేవాళ్ళు చదివే పోస్టు కాబట్టి పద్మజ గారు చెప్పినట్టే చేస్తాను. చివరి స్లైడ్ ఇలా మార్చాను: ‘ఫ్రెషర్లకి, ఉద్యోగం మారేవాళ్ళకి రాసిన నమూనాలు ఒక పీడీఎఫ్‌లో ఉన్నాయి. కావాలంటే పరిచయం అని నాకు మెసేజ్ చేయండి, లేదా కింద కామెంట్ పెట్టండి. లింక్ వెంటనే వస్తుంది, ఈమెయిల్ అడగను.’ ఏడో స్లైడ్‌లో నమూనా సగమే ఉంది, ఈ రాత్రికి పూర్తి చేస్తాను.

కిరణ్: కామెంట్ మాట ఇంకా ఉందిగా. రీచ్ ఎంతొచ్చిందో తర్వాత ఇక్కడే చెప్పండి.