అప్‌డేట్: పాప బొడ్డు చుట్టూ ఎరుపు, రసి. డాక్టర్ ఏం తేల్చారంటే

నా ప్రశ్న: "పాపకి బొడ్డు ఇంకా ఊడలేదు. బొడ్డు మొదలు దగ్గర రసి కారుతోంది, చుట్టూ ఎర్రగా ఉంది. అత్తమ్మ ఆముదం రాద్దామంటున్నారు. హాస్పిటల్‌కి వెళ్లాలా?"

సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. ఎరుపు అంచు చుట్టూ పెన్నుతో గీత గీసి, అది దాటితే ఆగొద్దన్న అక్కకి మరీ మరీ. సాయంత్రానికే ఎరుపు గీత దాటి పొట్ట మీదికి పాకింది. చేయి పెడితే వేడిగా, గట్టిగా ఉంది. దుర్వాసన కూడా మొదలైంది. కావలి నుంచి రాత్రికి రాత్రే నెల్లూరు తీసుకెళ్లాం.

బొడ్డు ఇన్ఫెక్షనే. ఓంఫలైటిస్ అంటారట. రక్తపరీక్ష చేసి, చీము కల్చర్‌కి పంపి, అడ్మిట్ చేసుకుని నరంలోకి యాంటీబయాటిక్ ఎక్కించారు. నెలలోపు పిల్లలకి ఇది త్వరగా రక్తంలోకి పాకుతుంది కాబట్టి ఇంట్లో చుక్కల మందుతో సరిపెట్టకూడదన్నారు. జ్వరం లేదని నేను కాస్త ధైర్యంగా ఉన్నాను కానీ, ఇంత చిన్న పిల్లలకి ఒక్కోసారి జ్వరం రాదట. ఒళ్లు చల్లబడడం, పాలు తాగకుండా మత్తుగా పడుకోవడం కూడా ప్రమాద సూచనలే.

ఊడే ముందు బొడ్డు మొదలు దగ్గర కాస్త జిగట, డైపర్‌కి ఒకటి రెండు రక్తపు చుక్కలు అంటడం మామూలేనట. చుట్టుపక్కల చర్మం ఎర్రబడి పాకడమే తేడా.

ఆముదం, పసుపు, పౌడర్ ఏవీ వద్దన్నారు. బొడ్డు పొడిగా, గాలి తగిలేలా ఉంచి, డైపర్ దాని కిందికి మడవమన్నారు. స్నానం చేయించాక తుడిచి ఆరబెడితే చాలట.

పాప ఇప్పుడు ఇంట్లోనే ఉంది, బాగా పాలు తాగుతోంది. బొడ్డు ఊడిపోయింది, ఎరుపు పూర్తిగా పోయింది.