రెండేళ్ల బాబుకు వాంతులు, ఇంట్ల ఉన్న సిరప్ ఎంత పోయాలె?

హన్మకొండ నుంచి ఒక తల్లి:
మా బాబుకు రెండేండ్లు. రాత్రి తొమ్మిది దాటినంక వాంతులు మొదలైనయ్, ఇప్పటికి నాలుగైదు సార్లు కక్కిండు. నీళ్ల విరేచనం గూడ రెండుసార్లు అయింది. జ్వరం అంతగనం లేదు. ఇంట్ల రెండు సీసాలున్నయ్. ఒకటి మా పెద్దపాపకు వానకాలంల డాక్టర్ రాసిన ఆండాన్‌సెట్రాన్ సిరప్, చీటి మీద 5 ఎం.ఎల్. అని ఉంది. పాపకు ఏడేండ్లు. ఇంకోటి మా మరిది వాళ్ల పసిబిడ్డకు రాసిన డోంపెరిడోన్ డ్రాప్స్. పాపకు 5 అయితే వీనికి సగం పోస్తే సరిపోతదా? రెండిట్ల ఏది మంచిది?

పరకాల నుంచి ఒకాయన:
వాంతి మందు అసలే పొయ్యకు చెల్లె. లోపట ఉన్న చెడంత బయటికి పోవాలె. ఆపితే ఆ విషం పేగులల్లనే ఉంటది. ఓఆర్‌ఎస్ తాపు, చాలు.

పిల్లల వార్డుల పనిచేసి రిటైరైన నర్సు:
అన్నా, ఓఆర్‌ఎస్ మాట నిజమే, విషం మాట కాదు. పిల్లల్ల ఇట్లాంటివి ఎక్కువగా వైరస్‌తోని వస్తయ్. ఎన్నిసార్లు కక్కినా వైరస్ పోదు, నీళ్లూ ఉప్పే పోతయ్. అమ్మా, సీసాల సంగతి తర్వాత. బాబు మూత్రం ఎప్పుడు పోసిండు? ఏడిస్తే కన్నీళ్లు వస్తున్నయా? వాంతి ఏ రంగున్నది?

హన్మకొండ తల్లి:
డైపర్ ఇందాకనే కొంచెం తడిసింది. కన్నీళ్లు వస్తున్నయ్. ముందు పాలు, అన్నం పడ్డయ్, ఇప్పుడు తెల్లటి నీళ్లే. ఓఆర్‌ఎస్ సగం గ్లాసు తాపిన మేడం, నిమిషంల మొత్తం కక్కిండు. అందుకే మందు అడుగుతున్న.

రిటైర్డ్ నర్సు:
దాహంతోటి ఒక్కసారి గటగట తాగిండు, పొట్ట పట్టలేదు. వాంతి అయినంక పది నిమిషాలు ఆగు. తర్వాత 5 ఎం.ఎల్. చెంచాతోటి రెండు నిమిషాలకోసారి పట్టు. సిరప్ మూతకు గీతలుంటయ్ గద, దాంట్ల ఒకసారి కొలిచి చూసుకో. తక్కువనిపిస్తది గానీ గంటకు 150 ఎం.ఎల్. లోపటికి పోతది. మళ్ల కక్కితే మళ్ల పది నిమిషాలు ఆగి మొదలుపెట్టు. పాలు తాగేటోడైతే తల్లిపాలు ఆపకు. పెద్ద ప్యాకెట్ అయితే లీటర్ నీళ్లల్ల మొత్తం కలుపు, చిన్నదైతే దాని మీద రాసినన్ని నీళ్లే. సగం పొడి, అందాజ నీళ్లు పెట్టుకోకు.

కాజీపేట నుంచి మెడికల్ షాపాయన:
సీసాల గురించి నేను చెప్తా. ఆ డ్రాప్స్ పక్కకు పెట్టండి. డోంపెరిడోన్ సిరప్‌ల మామూలుగ 1 ఎం.ఎల్.కు 1 మిల్లీగ్రామ్ ఉంటది. డ్రాప్స్‌ల కొన్నిటికి 1 ఎం.ఎల్.కు 10 మిల్లీగ్రాములు. ఎవరన్నా సిరప్ లెక్కల సగం చెంచా, అంటే రెండున్నర ఎం.ఎల్. డ్రాప్స్ పోస్తే, రెండున్నర మిల్లీగ్రాములు పోవాల్సిన కాడ 25 పోతయ్. సీసా చిన్నగుంది, మందు తేలికనుకుంటరు. చిన్న సీసాలనే చిక్కగ ఉంటది. మా కౌంటర్ కాడ ఈ తేడా రోజూ చెప్పుడే.

ఇగ సిరప్. పాపకు 5 అని రాసింది డాక్టర్ ఆమె బరువు చూసి. వయసు తక్కువైతే మందు సగం అనే లెక్క ఈడ లేదు. మీ బాబు బరువెంత?

హన్మకొండ తల్లి:
పోయిన టీకాకు తూచినప్పుడు పదకొండో పన్నెండో అన్నరు.

జనగామ నుంచి ఒకామె:
మా అక్క కొడుకుకు ఊర్ల ఆర్‌ఎంపీ వాంతుల సూది ఏసిండు. వాంతులైతే ఆగినయ్. సాయంత్రానికి మెడ ఒకదిక్కు వంకర పోయింది, కండ్లు మీదికి పోయి కిందికి రావు, నాలుక బయటకొచ్చింది. పిలగాడు తెలివిల్నే ఉన్నడు, ఏడుస్తుండు. మా అత్త గాలి సోకిందని నిమ్మకాయలు తిప్పింది. దవాఖానల వేరే సూది ఏస్తే కాసేపట్ల సదురుకుండు. వాంతి మందులంటేనే భయం నాకు.

రిటైర్డ్ నర్సు:
నువ్వు చెప్పింది ఎక్కువగా మెటోక్లోప్రమైడ్ పడ్డ పిల్లల్ల చూస్తం. ఫిట్స్ అనుకుంటరు, కానీ పిల్లకు సోయి ఉంటది. అందుకే చిన్నపిల్లల వాంతులకు అది వాడొద్దంటరు. ఆండాన్‌సెట్రాన్ వేరే రకం, దానితోటి ఇట్ల కావుడు చాలా అరుదు. మందుల పేర్లు వేరు, గుణాలు వేరు. అన్నీ ఒక్కటే అనుకోని భయపడకు, అన్నీ ఒక్కటే అనుకోని పొయ్యకు.

డాక్టర్లు ఆండాన్‌సెట్రాన్ ఎప్పుడిస్తరంటే, చెంచాతోటి పట్టినా ఓఆర్‌ఎస్ నిలవనప్పుడు. ఆరు నెలలు దాటిన పిల్లకు, బరువు తూచి, నోటి ద్వారా ఒక్క డోసు. పావుగంట, అరగంట ఆగి ఓఆర్‌ఎస్ మొదలుపెట్టి కండ్ల ముందే చూస్తరు. నిలిస్తే సెలైన్ తప్పుతది. అది ఓఆర్‌ఎస్‌కు దారి చేసే మందు, విరేచనాలు తగ్గించేది కాదు. మళ్ల మళ్ల పోస్తే కొందరికి విరేచనాలు పెరుగుతయ్.

ఇంట్ల లెక్క తప్పే కాడ ఇంకోటుంది. మందు పోసిన ఐదు నిమిషాలకు కక్కిండనుకో, ఎంత లోపట ఉంది? తెల్వదు. మళ్ల పోస్తరు. అది గాక ఈ మందు గుండె కొట్టుకునే లయ మీద కొంచెం ప్రభావం చూపుతది. ఆరోగ్యంగ ఉన్న పిల్లకు నోటి ద్వారా ఒక్క డోసుతోటి భయం చాలా తక్కువ. కానీ విరేచనాలల్ల పొటాషియం పోయినప్పుడు, పుట్టుకతోనే గుండె లయల తేడా ఉన్నప్పుడు లెక్క మారుతది. డోంపెరిడోన్, అజిత్రోమైసిన్ గూడ అదే దిక్కు లాగుతయ్. ఒకరు రాసింది, ఇంకొకరు ఇచ్చింది, ఇంట్ల మిగిలింది కలిస్తే అయ్యేది గదే.

నర్సంపేట నుంచి ఒకతను:
నాకు బస్సెక్కితే వాంతులు. ములుగు దిక్కు పోవాల్నంటే ముందే ఆండాన్‌సెట్రాన్ గోలీ నాలుక మీద పెట్టుకుంట, కరిగిపోతది. బాబుకు దాంట్ల ముక్క పెట్టొచ్చు గద?

మెడికల్ షాపాయన:
వద్దు బ్రదర్. కరిగే గోలీ చేతుల విరిస్తే సగమా, పావా ఎవరికెరుక. పైగా బస్సు వాంతులకు ఈ మందు అంతగ పనిచెయ్యదు, దానికి వాడేటివి వేరే.

రిటైర్డ్ నర్సు:
అమ్మా, ఇవి కనపడితే పొద్దుటిదాక ఆగకు, 108కు చెయ్యి. ఆకుపచ్చ వాంతి, రక్తం, పొట్ట ఉబ్బి గట్టిపడుడు, ఆరేడు గంటలు మూత్రం రాకపోవుడు, కండ్లు లోపటికి పోవుడు, లేపితే లేవనంత మత్తు. విరేచనాలు లేకుండ వట్టి వాంతులే ఆగకపోతే అది కడుపు జబ్బే అని చెప్పలేం, పేగు మడతపడుడు, మెదడు జ్వరం, మూత్రంల ఇన్ఫెక్షన్ గూడ అట్లనే మొదలైతయ్. అప్పుడు మందుతోటి వాంతి ఆపితే అసలు రోగం కొన్ని గంటలు దాక్కుంటది.

హన్మకొండ తల్లి, తెల్లారినంక:
చెంచాతోటి పట్టిన. రెండుసార్లు కక్కి, తర్వాత నిలవబట్టింది, మూడింటికి పండుకుండు. పొద్దున మళ్ల కక్కితే డాక్టర్ దగ్గరికి తీస్కపోయిన. తూస్తే 9 కిలోల 800 గ్రాములే. బరువు చూసి ఆండాన్‌సెట్రాన్ ఒక్క డోసు ఇచ్చి, అక్కడ్నే కూసోబెట్టి ఓఆర్‌ఎస్ తాపిచ్చిండ్రు, నిలిచింది. జింక్ 14 రోజులు రాసిండ్రు. మళ్ల వాంతులైతే ఇంట్ల ఇయ్యడానికి ఇంకో డోసు రాయమంటే వద్దన్నరు.

జనగామ ఆమె:
మా డాక్టర్ అయితే ఇంటికి ఒకటి రాసి పంపుతడు.

రిటైర్డ్ నర్సు:
డాక్టర్లల్లనే రెండు మాటలున్నయ్. దూరం ఊరోళ్లకు కొందరు రాస్తరు, కొందరు మళ్ల చూడకుండ ఇయ్యరు. నన్నడిగితే హన్మకొండల ఉన్నోళ్లకు అవసరం లేదు.

పరకాల ఆయన:
నేనైతే ఇప్పటికీ మందు లేకుండనే చూద్దామంట. జింక్ ఎందుకు, విరేచనాలు రెండు రోజుల్ల తగ్గితే ఆపొచ్చు గద?

రిటైర్డ్ నర్సు:
ఆపొద్దు. తగ్గినా 14 రోజులు ఇయ్యాలె. వాంతి అయితదనుకుంటే తిన్నంక ఇయ్యి.