‘ద చీపర్ ఆఫ్ ద టూ’లో ‘ద’ ఎందుకో పిల్లలకు ఎలా చెబుతున్నారు?

హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్పేవాళ్ల సలహా కావాలి. తెలుగులో పోలికను ‘కంటే’ మోస్తుంది, ‘మంచి’ మారదు. అందుకే ‘ఇంకా మంచిది’లోని ‘ఇంకా’ను పిల్లలు ‘మోర్’ చేసి ‘మోర్ బెటర్’ అంటారు. బెటర్‌లోనే ‘మోర్’ ఉందని, నొక్కి చెప్పాలంటే ‘మచ్ బెటర్’ అనాలని చూపిస్తే ఇది తగ్గుతోంది. ‘మోస్ట్ బెస్ట్’ కూడా అంతే.

అసలు చిక్కు వేరే. రెండు పెన్నులున్నాయి, ఒకటి 10 రూపాయలు, ఇంకోటి 15. ‘దిస్ పెన్ ఈజ్ చీపర్ దాన్ దట్ వన్’ అన్నప్పుడు చీపర్ ముందు ‘ద’ రాదు. ‘దిస్ ఈజ్ ద చీపర్ ఆఫ్ ద టూ’ అన్నప్పుడు రావాలి, ఎందుకంటే ఆ రెండిట్లో ఫలానా ఒకదాన్ని ఎంచి చూపిస్తున్నాం. కానీ ‘ద’ వస్తే సూపర్‌లేటివే అని బట్టీపట్టిన పిల్లలు ‘ద చీపెస్ట్ ఆఫ్ ద టూ’ రాస్తారు. కొందరు ‘ద చీపర్ వన్ ఆఫ్ ద టూ’ అంటారు. అక్కడ ‘వన్’ అవసరం లేదు.

‘దాన్’ ఉంటే ‘ద’ వద్దు, ‘ఆఫ్ ద టూ’ ఉంటే ‘ద’ కావాలి అన్న గుర్తు సరిపోతుందా? మాటల్లో ‘చీపెస్ట్ ఆఫ్ ద టూ’ బాగా వినిపిస్తుంది కదా, పరీక్షలో దానికి మార్కు తగ్గిస్తున్నారా?