డేటా అనలిస్ట్ రెజ్యూమెలో ఒకే ఒక్క మంచి వాక్యం: పిలవాలా, పక్కన పెట్టాలా?

జడ్చర్ల_దాణా: మాది పశువుల దాణా పంపిణీ చేసే చిన్న సంస్థ. ఉద్యోగ ప్రకటనలో మూడు అడిగాం: అనేక పట్టికల మీద ఎస్‌క్యూఎల్ రాయాలి, రవాణా విభాగం ప్రతి వారం వాడే డ్యాష్‌బోర్డ్ చేయాలి, మేము చెప్పే సమస్యను లెక్కకు అందే ప్రశ్నగా మార్చాలి. మిర్యాలగూడ నుంచి ఒక రెజ్యూమె వచ్చింది. పైన ‘ఎస్‌క్యూఎల్, పవర్ బీఐ, పైథాన్’ అని ఉంది. మధ్యలో ‘అమ్మకాల డ్యాష్‌బోర్డ్ వల్ల నివేదికల సమయం 40 శాతం తగ్గింది’ అని ఉంది. అడుగున రైస్ మిల్లు ఉద్యోగం కింద ఇంకో వాక్యం: ‘ఆర్డర్లు, లారీ ట్రిప్పుల పట్టికలు కలిపినప్పుడు ఒకే ఆర్డరు రెండుసార్లు లెక్కపడకుండా సరిచేసి, ఆలస్యాల జాబితా ఇచ్చాను.’ ఈ అబ్బాయిని పిలవవచ్చా?

పాలమూరు_నియామకాలు: నేనైతే పిలవను. విండో ఫంక్షన్ అనే మాటే లేదు. ఆ 40 శాతం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేదు. మొదట ఎన్ని గంటలు పట్టేది, తర్వాత ఎన్ని? ఆధారం లేని అంకె ఉన్న రెజ్యూమెను నేను అక్కడే ఆపేస్తాను.

దేవరకొండ_పట్టికలు: 40 శాతాన్ని కొట్టేయండి, నాకు అభ్యంతరం లేదు. పైనున్న మూడు పేర్లనూ వదిలేయండి, అవి ఎవరైనా రాస్తారు. అడుగున ఉన్న వాక్యాన్ని మాత్రం మళ్లీ చదవండి. రెండు పట్టికలు కలిపితే వరుసలు పెరుగుతాయన్నది ఆ పని చేసి, లెక్క తప్పి, ఎవరో వచ్చి అడిగినప్పుడు తెలిసే విషయం.

200 బస్తాల ఆర్డరు ఒకటి 120, 80గా రెండు లారీల్లో వెళ్లిందనుకోండి. ఆర్డర్లకు ట్రిప్పులు కలిపి ఆర్డరు బస్తాలు కూడితే 400 వస్తుంది. ఎస్‌క్యూఎల్ ఏ తప్పూ చూపదు, క్వెరీ చక్కగా నడుస్తుంది. ఈ అబ్బాయి ఆ తేడాను పట్టుకున్నానంటున్నాడు. ప్రకటనలోని మొదటి అంశానికి ఈ రెజ్యూమెలో ఇంతకంటే గట్టి ఆధారం లేదు.

నకిరేకల్_బీకాం: నాది బీకాం. నా రెజ్యూమెలో ఫొటో పెట్టాలా, వద్దా? ఒక పేజీయా, రెండా?

పాలమూరు_నియామకాలు: @దేవరకొండ_పట్టికలు గారూ, ఒక్క వాక్యం మీద మేడ కడుతున్నారు. ఆ వాక్యాన్ని కూడా ఎవరి దగ్గరి నుంచో తెచ్చుకుని ఉండవచ్చు. విండో ఫంక్షన్లు రాని వ్యక్తి అనలిస్ట్ ఎలా అవుతాడు?

దేవరకొండ_పట్టికలు: ప్రకటనలో విండో ఫంక్షన్ అడగలేదు, మీరు చేర్చారు. అడిగింది అనేక పట్టికల మీద పని. ఆలస్యమైన ఆర్డర్లు తీయడానికి ఇంత చాలు:

```sql
SELECT o.order_id
FROM orders o
JOIN trips t ON t.order_id = o.order_id
GROUP BY o.order_id, o.promised_on
HAVING MAX(t.delivered_on) > o.promised_on;
```

చివరి లారీ చేరిన రోజును, మాట ఇచ్చిన రోజుతో పోలుస్తుంది. ఒక్కో ఆర్డరు ఒక్కసారే వస్తుంది.

చౌటుప్పల్_రాత్రి_షిఫ్టు: ఇంకా లారీ ఎక్కని ఆర్డరు ఇందులో రాదు కదా? అన్నిటికంటే ఎక్కువ ఆలస్యమైనది అదే.

దేవరకొండ_పట్టికలు: రాదు. `LEFT JOIN` పెట్టి, తేదీ లేని వాటిని విడిగా పట్టుకోవాలి. సగం బస్తాలే వెళ్లిన ఆర్డర్లకు ఇంకో తనిఖీ కావాలి. ఇంటర్వ్యూలో అడగవలసిన ప్రశ్న ఇదే. నిజంగా చేసినవాడు ఈ మెలిక దగ్గర ఆగి, మిల్లులో ఏం చేశారో చెబుతాడు.

హాలియా_అనలిస్ట్: నా సంగతి చెబుతాను. ఒక సంస్థలో నన్ను ఫోన్‌లోనే తిరస్కరించారు. కారణం, రెజ్యూమెలో ‘విండో ఫంక్షన్’ అన్న మాట కనబడలేదట. నకిలీ బిల్లులు తీసేయడానికి రోజూ `ROW_NUMBER` అనే విండో ఫంక్షనే వాడాను, రెజ్యూమెలో ‘నకిలీ బిల్లులు తొలగించాను’ అని రాశాను. చదివినవారికి ఆ రెండూ ఒకటేనని తెలియలేదు. పాలమూరు గారూ, మీరు వెతుకుతున్నది పనినా, పేరునా?

పాలమూరు_నియామకాలు: చదివేవారికి తెలియకపోతే తప్పు చదివేవారిదా? మీరు రాసి ఉండవలసింది. ఒక్క ఖాళీకి పదుల సంఖ్యలో వస్తాయి, ప్రతి వాక్యం వెనుక ఏముందో తవ్వే సమయం నాకు లేదు. మీకు కోపం వస్తే రానివ్వండి.

హాలియా_అనలిస్ట్: కోపమే వస్తుంది. అమీర్‌పేట కోచింగ్‌లో దిద్దించుకున్న రెజ్యూమెల్లో ఆ మాటలన్నీ ఉంటాయి. మిల్లులో పని చేసి తనే రాసుకున్నవాడి దాంట్లో ఉండవు. మీరు కొలుస్తున్నది ఎవరు రాయించుకున్నారన్నది. అలాంటప్పుడు దాన్ని ఎస్‌క్యూఎల్ పరీక్ష అనకండి.

దేవరకొండ_పట్టికలు: అసలు గొడవ ఇక్కడ ఉంది. ఆధారాన్ని వెతికే బరువు ఎవరిది అన్నదే ప్రశ్న. పూర్తిగా చదివేవారిదే అనను. కానీ ప్రకటనలో సమస్యను మలచడం అడిగి, దాని ఆనవాళ్లు వెతకకుండా మాటలు వెతికితే ఆ షరతు పెట్టి ఏం లాభం?

ఆ షరతు సంగతే చూడండి. పది ఆర్డర్లు ఉన్నాయి. ఎనిమిది ఒకే లారీలో సమయానికి చేరాయి. మిగిలిన రెండూ రెండేసి లారీల్లో వెళ్లాయి, రెంటికీ రెండో లారీ ఆలస్యం. ఆర్డర్ల లెక్కన 20 శాతం ఆలస్యం. ట్రిప్పుల లెక్కన 12లో 2, సుమారు 17 శాతం. పట్టికలు కలిపేసి, ఆలస్యమైన ఆర్డర్ల వరుసలన్నీ లెక్కపెడితే 12లో 4, అంటే 33 శాతం. మూడోది తప్పు. మొదటి రెండూ ఒప్పే, కానీ వేర్వేరు ప్రశ్నలకు. రైతుకు తన దాణా మొత్తం ఎప్పుడు చేరిందో కావాలి, లారీల యజమానికి తన ట్రిప్పు సంగతి కావాలి. మీ ప్రశ్న ఎవరిదని ముందు అడిగేవాడికే సమస్యను మలచడం తెలుసు. ఈ రెజ్యూమెలో దానికి సగం ఆధారమే ఉంది. ఆర్డరును ఒక్కసారే లెక్కించాడు, ఆ నిర్ణయం తనదో యజమానిదో చెప్పలేదు.

జడ్చర్ల_దాణా: మా రవాణా మేనేజరుకు, నాకు ప్రతి సోమవారం ఇదే వాదన. ఆయన అంకె ఎప్పుడూ నాకంటే తక్కువ. మరి డ్యాష్‌బోర్డ్ సంగతి?

దేవరకొండ_పట్టికలు: అక్కడ ఈ రెజ్యూమె బలహీనం, పాలమూరు గారితో ఏకీభవిస్తాను. ఎవరు చూశారో, చూసి ఏం మార్చారో లేదు. వాడుకలో ఉన్న డ్యాష్‌బోర్డ్‌కు ఫిర్యాదులు వస్తాయి: నిన్నటి అంకె రాలేదు, ఈ డిపో కనబడటం లేదు అని. ‘చివరిసారి ఎవరు, దేని గురించి ఫిర్యాదు చేశారు?’ అని అడగండి. ఎవరూ చూడని డ్యాష్‌బోర్డ్ అయితే ఆ జవాబు అల్లడం కష్టం.

నకిరేకల్_బీకాం: అయితే నేను బిల్లుల పనిలో చేసిన సవరణలు కూడా రాయవచ్చా?

హాలియా_అనలిస్ట్: తప్పకుండా రాయి తమ్ముడూ. ఏ తప్పు కనబడింది, ఏం చేశావు, తర్వాత ఆ అంకెను ఎవరు వాడారు, అంతా రాయి. వాడిన ఫంక్షన్ పేరూ పక్కనే పెట్టు, నా అనుభవం చూశావుగా.

పాలమూరు_నియామకాలు: ఈ ఒక్కరి విషయంలో ఫోన్ చేయమనండి, కాదనను. కానీ అడుగున దాగిన వాక్యం కోసం ప్రతి రెజ్యూమెనూ చివరి వరకు చదవాలంటే ఒప్పుకోను. అది రాసేవారి బాధ్యతే.

జడ్చర్ల_దాణా: రేపు ఫోన్ చేస్తాను. లారీ ఎక్కని ఆర్డర్లను ఏం చేశావని, ఆర్డరు లెక్క ఎవరి నిర్ణయమని, డ్యాష్‌బోర్డ్ మీద చివరి ఫిర్యాదు ఏమిటని అడుగుతాను. పక్కన పెట్టిన రెజ్యూమెలు ఇంకా ఉన్నాయి. వాటి అడుగు వాక్యాలు నేను చదవలేదు, ఈ రాత్రి చదువుతాను.