టీకాల కార్డులో రెండవ గడి ఖాళీగా ఉంది, మూడవ గడిలో తేదీ ఉంది: మళ్ళీ మొదటి నుంచి వేయించాలా?

చిన్నోడి నాన్న
మూడు గంటలుగా మా బాబు టీకాల కార్డు ముందు పెట్టుకుని కూర్చున్నాను, ఏమీ తేలడం లేదు. శిశు సంరక్షణ కేంద్రంవారు ఇచ్చిన పత్రంలో మొదటి, రెండవ, మూడవ డోసుల తేదీలన్నీ రాయమని అడుగుతున్నారు. కార్డులో మొదటి గడిలో 16-2-2024 అని, మూడవ గడిలో 19-4-2024 అని ఉంది. రెండవది పూర్తిగా ఖాళీ. కింద బూస్టర్ గడులు రెండు ఉన్నాయి, అవీ ఖాళీయే. రెండవది వేయకుండా మూడవది ఎలా వేస్తారు? ఇప్పుడు మళ్ళీ మొదటి నుంచి వేయించాలా? ఎవరైనా సూటిగా చెప్పండి.

సంజీవి
ఏ టీకా? పుట్టిన తేదీ ఎంత? ఈ రెండూ లేకుండా జవాబు చెప్పలేము.

అక్షరమాల
ముందుగా ఒక మాట. మీరు రెండు ఖాళీ గడులనూ కలిపి బూస్టర్ అంటున్నారు. అందులో ఒకటి తట్టు, రుబెల్లా టీకా రెండవ డోసు అయి ఉంటుంది, దానిని బూస్టర్ అనకూడదు. బూస్టర్ అంటే మొదట బాగా ఏర్పడిన రక్షణ కాలక్రమంలో తగ్గినప్పుడు దానిని తిరిగి పెంచడానికి వేసేది. కోరింత దగ్గు, కంఠసర్పి, ధనుర్వాతం టీకాలకు ఆ మాట సరిపోతుంది. తట్టు టీకా సంగతి వేరు. తొమ్మిదవ నెలలో వేసిన మొదటి డోసు సుమారు 85 శాతం మంది పిల్లలలోనే పనిచేస్తుంది, తల్లి నుంచి వచ్చిన ప్రతిరక్షకాలు అప్పటికింకా కొందరిలో మిగిలి ఉండి దానికి అడ్డుపడతాయి. రెండవ డోసు ఆ మిగిలిన పిల్లల కోసమే. ఎవరిలో పనిచేయలేదో బయటికి తెలియదు కాబట్టి అందరికీ వేస్తారు. కార్డులు అచ్చువేసేవారు ఈ తేడాను పాటించకపోవడం వల్లనే తల్లిదండ్రులు రెండవ డోసును అదనపు రక్షణగా భావించి వాయిదా వేస్తున్నారు.

ఇద్దరు పిల్లల తల్లి
మా పాపకు కూడా ఇలాగే అయిందండి. పోలియో చుక్కల వరుసలో నాలుగు తేదీలు ఉంటే ఒకటి ఎక్కువ వేశారేమోనని నేను ఎంతో భయపడ్డాను. తీరా చూస్తే పుట్టినప్పుడు వేసినదాన్ని సున్నా డోసు అంటారట, దానిని లెక్కలోకి తీసుకోరట. మీ బాబు కార్డులోనూ పుట్టినప్పుడు వేసినది మొదటి గడిలో రాసి ఉంటారు, ఒకసారి చూడండి.

సంజీవి
మొదటి తేదీ ఫిబ్రవరి 16. పుట్టిన తేదీ తెలిస్తేనే అది సున్నా డోసో కాదో తేలుతుంది.

చిన్నోడి నాన్న
క్షమించండి, అది అందరికీ అర్థమవుతుందనుకున్నాను. బాబు పుట్టినది 3-1-2024. నేను అడుగుతున్నది కోరింత దగ్గు, ధనుర్వాతం లాంటి ఐదు జబ్బులకు కలిపి ఒకే ఇంజెక్షన్ గా వేసే పెంటావాలెంట్ గురించి. పోలియో వరుసలో మాత్రం ఖాళీలు లేవు.

మునుపటి సూపర్వైజర్
నేను టీకాల కార్యక్రమంలో చాలా ఏళ్ళు పనిచేశాను కనుక వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

పుట్టిన తేదీకి ఆరు వారాలు కలిపితే 14-2-2024 వస్తుంది. మొదటి డోసు 16న పడింది కాబట్టి అది సరైన వయసులోనే పడింది. పెంటావాలెంట్ డోసుకూ డోసుకూ మధ్య కనీసం నాలుగు వారాలు ఉండాలి. అంటే రెండవది మార్చి 15 కంటే ముందు పడకూడదు, ఏప్రిల్ 19న వేసినది మూడవది కావాలంటే రెండవది మార్చి 22 తర్వాత పడి ఉండకూడదు. ఆ ఎనిమిది రోజులలో మీరు కేంద్రానికి వెళ్ళారా అన్నది మొదట తేల్చుకోవలసిన విషయం. పోలియో వరుసలో ఖాళీలు లేవని మీరు ఒక్క వాక్యంలో అనేశారు, మనకు కావలసిన ఆధారం అక్కడే ఉంది. ఆ తేదీలు రాయండి.

మరొక్క సంగతి. చాలా కార్డులలో గడులను డోసు వరుసలో కాక వయసు వరుసలో అచ్చువేస్తారు: 6 వారాలు, 10 వారాలు, 14 వారాలు అని. పిల్లవాడు 14 వారాల వయసులో వస్తే, అంతకుముందు ఎన్ని డోసులు పడ్డాయో చూడకుండా ఆ వయసు గడిలోనే తేదీ రాసేవారు ఉంటారు. అందుచేత మూడవ గడిలో తేదీ ఉన్నంత మాత్రాన మూడు డోసులు పడినట్లు కాదు. గడి పేరును నమ్మకండి, తేదీలను లెక్కపెట్టండి. ఇప్పటికి మీ చేతిలో ఉన్నవి రెండు తేదీలే.

హరిత
రెండు డోసుల మధ్య తొమ్మిది వారాలు గడిచాయి కదా. అంత ఎడం వస్తే మొదటి డోసు వృథా అవుతుందని, మళ్ళీ మొదలుపెట్టాలని మాకు చెప్పారు.

మునుపటి సూపర్వైజర్
హరిత గారూ, విరామం ముఖ్యమన్న మీ మాట నిజమే, కానీ ఇబ్బంది వచ్చేది ఎడం పెరిగినప్పుడు కాదు, తగ్గినప్పుడు. మొదటి డోసుతో శరీరంలో ఏర్పడిన జ్ఞాపక కణాలు నెలలు గడిచినా ఉంటాయి, తర్వాతి డోసు ఎప్పుడు వచ్చినా అవి దానికి స్పందిస్తాయి. నాలుగు వారాలు నిండకముందే వేస్తే ఆ కణాలు ఇంకా పరిపక్వం కాకపోవడం వల్ల స్పందన బలహీనంగా ఉంటుంది. అందువల్ల ఆలస్యమైతే ఆగిన చోటినుంచి కొనసాగిస్తారు, వేసినదాన్ని తిరిగి వేయరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ ఇదే. ఆలస్యం వల్ల నష్టం లేదని దీని అర్థం కాదు, రెండు డోసుల మధ్య కాలంలో బిడ్డకు రక్షణ తక్కువగా ఉంటుంది.

చిన్నోడి నాన్న
పోలియో తేదీలు ఇవి: 4-1-2024, 16-2-2024, 19-3-2024, 19-4-2024. మార్చి 19 ఆ ఎనిమిది రోజులలోనే ఉంది! అంటే ఇంజెక్షన్ కూడా వేసి ఉంటారు కదా? ఆ రోజు బాబు ఏడ్చాడని మా అమ్మ అంటున్నది. నేను 19-3-2024 అని రాసేయనా?

మునుపటి సూపర్వైజర్
దయచేసి రాయకండి. మార్చి 19న మీరు కేంద్రానికి వెళ్ళారని, చుక్కలు వేశారని మాత్రమే ఆ తేదీ చెబుతుంది. ఇంజెక్షన్ వేసి రాయడం మరచిపోయారా, లేక ఆ రోజు టీకా నిల్వ లేక చుక్కలు మాత్రమే వేసి పంపారా అన్నది కార్డు చెప్పదు. నేను రెండు రకాలూ చూశాను. పెద్దవారి జ్ఞాపకం మీద నాకు గౌరవం ఉన్నా, తేదీతో రాతపూర్వకంగా లేని డోసును వేసినట్లు లెక్కించరు. ఊహించి రాసిన తేదీని రేపు మరొక నర్సు నిజమని నమ్మి బాబుకు ఒక డోసు తగ్గించవచ్చు.

మీరు ఆ కేంద్రానికి వెళ్ళి మార్చి 19 నాటి టీకాల రిజిస్టరులో బాబు పేరున్న వరుసను చూపించమని అడగండి. అందులో పెంటావాలెంట్ నమోదై ఉంటే, వారి చేతనే కార్డులో తేదీ రాయించి సంతకం చేయించండి. రిజిస్టరులోనూ లేకపోతే ఆ రోజు నిల్వ పుస్తకం చూడమనండి. పెంటావాలెంట్ సీసా ఒక్కటీ బయటికి తీయలేదని తేలితే, ఆ రోజు డోసు పడలేదని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. సీసాలు తీసి ఉంటే మాత్రం ఏదీ రుజువు కాదు, అవి వేరే పిల్లలకు వేసినవి కావచ్చు.

హరిత
రిజిస్టరు దొరకకపోతే? వేసినదాన్నే మరొకసారి వేస్తే ప్రమాదం కదా?

మునుపటి సూపర్వైజర్
అదనంగా ఒక డోసు పడితే ఇంజెక్షన్ చేసిన చోట వాపు, నొప్పి, జ్వరం కొంచెం ఎక్కువగా రావచ్చు. ధనుర్వాతం, కంఠసర్పి భాగాల డోసుల సంఖ్య పెరిగేకొద్దీ వాపు వచ్చే అవకాశం పెరుగుతుంది, అది కొద్ది రోజులలో తగ్గిపోతుంది. దానితో పోలిస్తే పడని డోసును పడిందనుకోవడమే పెద్ద పొరపాటు, ముఖ్యంగా కోరింత దగ్గు విషయంలో. అందుకే ఆధారం లేనప్పుడు పడలేదనే లెక్క వేస్తారు.

ఇక చిన్నోడి నాన్న గారికి అసలు జవాబు. ఈ రోజు 6-9-2025, బాబుకు ఇరవై నెలలు నిండాయి. మార్చి డోసుకు ఆధారం దొరికితే మూడు డోసులూ 19-4-2024 నాటికి పూర్తయినట్లు. మొదటి బూస్టర్ రెండవ ఏట పడాలి, మూడవ డోసుకూ దానికీ మధ్య కనీసం ఆరు నెలలు ఉండాలి. రెండు షరతులూ తీరాయి కాబట్టి బూస్టర్ వేయవలసిన సమయం ఇదే. ఆధారం దొరకకపోతే ఏప్రిల్ 19న వేసినది రెండవ డోసు అవుతుంది, ఇప్పుడు వేసేది మూడవది అవుతుంది, బూస్టర్ అక్కడినుంచి ఆరు నెలల తర్వాత, అంటే ఇవాళే వేయిస్తే 6-3-2026 కంటే ముందు కాకుండా వేయాలి. రెండింటిలో ఏది నిజమైనా బాబుకు ఇప్పుడు ఒక ఇంజెక్షన్ పడవలసిందే. తేడా దానిని ఏ గడిలో రాస్తారన్నదానిలోనూ, తర్వాతి తేదీలోనూ ఉంది. అది పెంటావాలెంట్ రూపంలో ఉండాలా, కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం మూడింటికే వేసే డీపీటీ రూపంలో ఉండాలా అన్నది మీ దేశపు పట్టికను బట్టి అక్కడి వైద్యులు నిర్ణయిస్తారు. కాబట్టి రిజిస్టరు కోసం వెతుకుతూ నెలలు గడపకండి.

ఇద్దరు పిల్లల తల్లి
అక్షరమాల గారు చెప్పిన తట్టు టీకా రెండవ డోసు సంగతి ఏమిటండి? రెండు ఇంజెక్షన్లు ఒకే రోజు వేయించకూడదని, మధ్యలో నెల ఆగాలని మా పాపప్పుడు అన్నారు.

మునుపటి సూపర్వైజర్
ఆ నెల నియమం ఇంజెక్షన్‌గా వేసే రెండు సజీవ టీకాల, అంటే బలహీనపరచిన బతికున్న క్రిములతో చేసే టీకాల మధ్య మాత్రమే వర్తిస్తుంది, అది కూడా వాటిని ఒకే రోజు వేయనప్పుడు. డీపీటీ సజీవ టీకా కాదు. రెండింటినీ ఒకే రోజు వేరు వేరు తొడలకు వేయవచ్చు. మొదటి తట్టు డోసు ఎప్పుడు పడింది?

చిన్నోడి నాన్న
10-10-2024. దానికీ ఆరు నెలలు ఆగాలేమోనని అనుకున్నాను.

అక్షరమాల
నేను పదం గురించి పట్టుబట్టింది ఇందుకే. బూస్టర్ అనుకున్నందువల్ల ఆరు నెలల నియమాన్ని దానికీ అంటగట్టారు. తట్టు టీకా రెండు డోసుల మధ్య కనీస విరామం నాలుగు వారాలే, మీ బాబుకు పదినెలలకు పైగా గడిచింది.

మునుపటి సూపర్వైజర్
పదం విషయంలో నాకు అంత పట్టింపు లేదు, కొన్ని కార్డులలో వయసు మాత్రమే ఉంటుంది, తల్లిదండ్రులకు అదే సులభం. అయితే ఈ డోసు ఇప్పటికే వేయించి ఉండవలసిందన్న మాటలో అక్షరమాల గారిది నిజమే. ఆ రోజే అడిగి వేయించండి.

అక్షరమాల
వయసు మాత్రమే రాయడం వల్లనే కదా 14 వారాల గడిలో రెండవ డోసు వచ్చి కూర్చుందేమోనన్న అనుమానం పుట్టింది. డోసు సంఖ్య, వయసు రెండూ అచ్చువేయాలని నా అభిప్రాయం.

సంజీవి
సంరక్షణ కేంద్రం పత్రంలో ఆ గడిని ఖాళీగా వదలండి. పక్కన "నమోదు లేదు" అని రాయండి.

చిన్నోడి నాన్న
కేంద్రానికి వెళ్ళివచ్చాను. గత ఏడాది రిజిస్టర్లు వేరే కార్యాలయంలో ఉన్నాయట, తెప్పించి చూస్తామన్నారు. తట్టు టీకా రెండవ డోసు ఈ రోజే వేశారు. ఇంకా పడవలసిన మరో ఇంజెక్షన్‌ను ఏ గడిలో రాయాలో వైద్యాధికారిని అడిగి చెబుతామని సోమవారం రమ్మన్నారు. అందరికీ ధన్యవాదాలు.

హరిత
సోమవారం ఏమని తేలిందో ఇక్కడ రాయగలరా? మా రెండవ బాబు కార్డులోనూ ఒక గడి ఇలాగే ఖాళీగా ఉంది.