బీపీ బుక్కుల అన్నీ సున్నాలేనా?

దేవరకొండ_బిడ్డ: మా అమ్మ బుక్కుల 140/90, 140/90, 150/90, మళ్ల 140/90. ఆర్నెల్లల్ల ఒక్కసారన్న 136 అని లేదు. అది చూసే సారు రెండో గోలీ పెట్టిండు, అప్పటిసంది లేస్తే కండ్లు తిరుగుతున్నయ్ అంటది. నేను డిజిటల్ మిషన్ కొని వారం దినాలు పొద్దున రెండుసార్లు రాత్రి రెండుసార్లు చూసిన, మొదటి దినంది వదిలేసి సరాసరి తీస్తే 126/74. మీ దగ్గర గూడ గిట్లనే రాస్తున్నరా?

పాలమూరు_ఆర్ఎంపీ: డిజిటల్ మిషన్లు నమ్మకు తమ్మీ. 22 ఏండ్ల సంది పాదరసం మిషన్ తోనే చూస్తున్న, 137 అంటే 137 అని చెప్త.

నర్సక్క: పాదరసం మిషన్ మీద గీతలు రెండేసికి ఒకటి ఉంటయ్ అన్నా. 136 ఉంటది, 138 ఉంటది, 137 ఏడికెళ్లి తెచ్చినవ్?

పాలమూరు_ఆర్ఎంపీ: రెండు గీతల నడుమ ఆగితే ఏం రాస్తవ్? నాకు నేర్పొస్తున్నవా

నర్సక్క: దగ్గరి గీత రాస్త. బేసి అంకె కనపడ్డదంటే అందాజ రాసిండ్రనే అర్థం.

జడ్చర్ల_రవి: మా నాయిన గిట్లనే, షుగర్ బుక్కుల 110, 120 అని రాసుకుంటడు, మిషన్ మెమరీ తీస్తే 163, 97, 188. సారు తిడతడని భయమట 😂

మిర్యాల_చింటు: ఊకె లొల్లి. 144 ని 140 రాస్తరు, 136 ని గూడ 140 రాస్తరు, ఆడికాడికి సరిపోతది.

నర్సక్క: మండలం మొత్తం సరాసరి తీస్తే నువ్వన్నట్టు సరిపోవచ్చు. ఒక్క మనిషి బుక్కుల సరిపోదు. గీత 140 కాడ ఉన్నది, 136 అయితే గోలీ అట్లనే ఉంచుతరు, 140 అని రాస్తే పెంచుతరు. పోయిన నెల మా క్యాంపు రిజిస్టర్ ముందటేసుకుని పై అంకెలు లెక్కవెట్టిన. 60 మందిల 47 మందికి చివర సున్నా. రెండేసి గీతల మిషన్ అయితే 0, 2, 4, 6, 8 ఐదూ సమానంగ రావాలె, అంటే సున్నాలు 12 కి అటిటు. గాలి సెకనుకు రెండు పాయింట్లు దిగేటట్టు వదలాలె, 180 నుంచి 80 కి వచ్చేసరికి 50 సెకన్లు. బయట లైన్ల అంతమంది నిలవడితే ఎవరు ఆగుతరు? సుయ్ మని వదుల్తరు, అప్పుడు కంటికి ఆనేది పదుల కాడ పెద్ద గీతనే.

జడ్చర్ల_రవి: అంటే నర్సులు దొంగ రాతలు రాస్తున్నరు, అంతే గదా

నర్సక్క: నువ్వొచ్చి ఒకపూట కూసో, తెలుస్తది.

దేవరకొండ_బిడ్డ: అంటే మా అమ్మకు తప్పు గోలీ పెట్టినట్టేనా అక్కా?

నర్సక్క: గట్లనలేం. నువ్వు చూసినప్పుడు రెండు గోలీలు నడుస్తున్నయ్, ముందు ఎంతుండెనో తెల్వదు. దవాఖానల భయానికి గూడ పెరుగుతది. గోలీ నీ అంతట నువ్వు బంద్ చెయ్యకు, ఆ వారం రీడింగులు ఉన్నయి ఉన్నట్టు తీస్కపో, పండుకున్నప్పుడొకసారి లేచి నిలవడ్డంక ఒకసారి చూడమను.

దేవరకొండ_బిడ్డ: పోయొచ్చిన. లేచి నిలవడితే 22 పాయింట్లు దిగింది, రెండో గోలీ తీసేసిండు, నెలకు మళ్ల రమ్మన్నడు. బుక్కుల మాత్రం సిస్టర్ 120/80 అని రాసింది, మిషన్ల 124/78 నేనే చూసిన.

పాలమూరు_ఆర్ఎంపీ: కఫ్ సైజు ఎంతనో అడిగినవా?